ఫోటోలో పచ్చదనం వేరు, రక్తంలో అంకె వేరు

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. మా ఆవిడ పురిటికని ఒంగోలు దగ్గర పుట్టింట్లో ఉంది. సోమవారం రాత్రి పది గంటలకు పాప పుట్టింది. 37 వారాలు, మామూలు కాన్పు, 2.7 కిలోలు. బుధవారం ఇంటికి పంపేశారు. పాప ముఖం పచ్చగా ఉందని గురువారం రాత్రి ఫోటో పంపింది. శుక్రవారం పొద్దున ఇంకోటి పంపమంటే అందులో మామూలుగానే కనిపిస్తోంది. మా అత్తగారు "పసిమి ఛాయలే, నాయనమ్మ పోలిక. ఎండ చూపిస్తే చాలు" అంటున్నారు. రెండు ఫోటోలూ పంపుతున్నాను. కామెర్లు ఎంత ఉండొచ్చో చూసి చెప్పగలరా? ఆసుపత్రికి వెళ్ళాల్సినంత ఉందా?

సమాధానం: శుక్రవారం మధ్యాహ్నం మీ మెయిల్ చూడగానే ఫోన్ చేసి, "ఫోటోలు పక్కన పెట్టండి, సాయంత్రంలోగా పాపకి రక్తపరీక్ష చేయించండి" అన్నాను. మీరు వెంటనే కదిలారు. సాయంత్రం నాలుగు గంటలకు తీసిన రక్తంలో, కామెర్లలో ఒంటికి పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ డెసిలీటరుకు 17.2 మిల్లీగ్రాములు వచ్చింది, దాన్ని తగ్గించడానికి పాపను నీలి కాంతి లైట్ల కింద పెట్టారు. ఇప్పుడు పాప ఇంటికి చేరింది కాబట్టి నిదానంగా రాస్తున్నాను. ఆరోజు ఫోన్లో మీరు అడిగిన మాట నాకు గుర్తుంది: "రెండో ఫోటోలో ఏమీ లేదు కదండీ, మరి అంత ఎలా వచ్చింది?" ఇలాంటి ఫోటోలు నాకు వారానికి నాలుగైదు వస్తాయి. మీరు ఒప్పుకున్నారు కాబట్టి ఈ జవాబు అందరికీ పనికొచ్చేలా ఇక్కడే ఇస్తున్నాను.

ముందు మీ రెండు ఫోటోలనే చూద్దాం. గురువారం రాత్రి ఫోటో పసుపు కాంతి ఇచ్చే బల్బు కింద తీసింది. పాపను చుట్టింది పాత తెల్ల పంచె అని మీ ఆవిడ చెప్పింది. ఫోటోలో ఆ పంచె వెన్నరంగులో ఉంది. తెల్లగుడ్డే పచ్చబారితే, పాప బుగ్గల మీది పచ్చదనంలో బల్బుది ఎంతో, పాపది ఎంతో విడదీయలేం. శుక్రవారం పొద్దున ఫోటో కిటికీ పక్కన తీశారు. వెలుతురు మంచిదే. కానీ పాపను ముదురు పసుపు టర్కీ తువ్వాలులో చుట్టారు. ఫోటోలో ముప్పాతిక వంతు తువ్వాలే, ముఖం చిన్నగా మధ్యలో ఉంది. ఫోన్ కెమెరాకు అది తువ్వాలని తెలియదు. ఇంత పసుపు కనిపిస్తోందంటే గదిలో వెలుతురే పసుపని అనుకుని, దాన్ని సరిచేయడానికి ఫోటో మొత్తానికి కొంచెం నీలం కలుపుతుంది. దీన్నే ఆటో వైట్ బ్యాలెన్స్ అంటారు. ఆ సర్దుబాటులో పాప ఒంటి మీది అసలు పసుపు కూడా కొట్టుకుపోయింది. నమ్మకం కుదరకపోతే ఆ ఫోటో మళ్ళీ తెరిచి కుడివైపు మూల చూడండి. అక్కడ దిండు గలీబు కొంచెం కనిపిస్తుంది. ఇంట్లో అది తెల్లది, ఫోటోలో నీలిమందు ఎక్కువైన బట్టలా ఉంది.

అంటే మీకు ధైర్యం చెప్పిన ఫోటోనే మిమ్మల్ని మోసం చేసింది. గురువారం రాత్రికంటే శుక్రవారం పొద్దునకి పాప రక్తంలో బిలిరుబిన్ పెరిగే ఉంటుంది, ఆ వయసులో అది పైకి పోయే సమయం. ఫోటోల్లో మాత్రం తగ్గినట్టు కనిపించింది.

కెమెరా తర్వాత ఇంకా రెండు మూడు మజిలీలున్నాయి. ముఖం కనబడితే చాలా ఫోన్లు వాటంతటవే చర్మాన్ని నునుపు చేసి, రంగు తేల్చుతాయి. వాట్సాప్ ఫోటోను చిన్నది చేసి పంపుతుంది, ఆ చిన్నది చేయడంలో వెలుగునీడలకంటే రంగు వివరమే ఎక్కువ పోతుంది. చివరికి చూసేవాళ్ళ స్క్రీన్ మీద కంటికి హాయిగా ఉంటుందని నైట్ మోడ్ పెట్టుకుని ఉంటే ప్రపంచమంతా పచ్చగానే కనిపిస్తుంది. ఇన్ని చేతులు మారాక నా ముందుకొచ్చిన రంగును చూసి పద్నాలుగు అనో పది అనో చెప్పడం మీ పాప విషయంలో నేను చేయలేని పని. ఎవరైనా చెప్పినా మీరు నమ్మకూడదు.

"ఫోటో సరే, మీరే పాపను ఎదురుగా చూస్తే చెప్పగలరు కదా" అని మీరు అనొచ్చు. ఉందో లేదో చాలాసార్లు చెప్పగలను. ఎంత ఉందో చెప్పలేను. ముప్పై ఏళ్ళుగా పసిపిల్లల్ని చూస్తున్నా ఈ మాటే అంటాను.

మేం చదువుకునే రోజుల్లో కంటితో అంచనా వేయడానికి ఒక పద్ధతి నేర్పేవారు. క్రేమర్ అనే వైద్యుడు 1969లో ప్రచురించిన పరిశీలన అది. పుట్టిన పిల్లల్లో పచ్చదనం ముఖం మీద మొదలై, ఛాతీ, పొట్ట, తొడలు, పిక్కలు దాటి అరికాళ్ళకు దిగుతుంది. ఎక్కడిదాకా దిగిందో చూసి రక్తంలో ఎంత ఉందో ఊహించొచ్చు అన్నది ఆ పద్ధతి. పై నుంచి కిందికి దిగడం నిజమే. కానీ ఆయన ఇచ్చిన అంకెల్నే చూడండి. పచ్చదనం పొట్ట కింది భాగం, తొడల దాకా ఉన్న పిల్లల్లో బిలిరుబిన్ ఎనిమిది నుంచి పదహారున్నర దాకా ఉంది. ఎనిమిది అయితే తల్లికి పాలు బాగా పట్టమని చెప్పి ఇంటికి పంపుతాం. పదహారున్నర అయితే చాలామంది పిల్లల్ని ఆసుపత్రిలో పెట్టుకుంటాం. కంటికి మాత్రం ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

ఎందుకిలా? బిలిరుబిన్ నీలి కాంతిని మింగేస్తుంది. చర్మం మీద పడిన వెలుతురులో నీలం తగ్గి తిరిగొస్తుంది కాబట్టి మనకు పసుపు కనిపిస్తుంది. కానీ చర్మంలో నీలి కాంతిని మింగేది బిలిరుబిన్ ఒక్కటే కాదు. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ కూడా మింగుతుంది, రక్తంలోని హిమోగ్లోబిన్ ఎర్రదనం పులుముతుంది. చామనఛాయ పిల్లల్లో పసుపు ఆ ఛాయలో కలిసిపోతుంది. రక్తం చిక్కగా ఉండి ఎర్రగా కందిపోయిన పిల్లల్లో ఎరుపు కింద దాక్కుంటుంది. రక్తం తక్కువై పాలిపోయిన పిల్లల్లో కొంచెం పసుపు కూడా ఎక్కువగా తేలుతుంది. పైగా మనం చూసేది చర్మంలోకి చేరిన పసుపును, మెదడుకు హాని చేయగలిగేది రక్తంలో తిరుగుతున్నది. ఈ రెండూ ఒకే వేగంతో పెరగవు, ఒకే వేగంతో తగ్గవు.

ఇక్కడ మన మాటల గురించి కూడా ఒకటి చెప్పాలి. తెలుగులో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. ఒంటిరంగు దగ్గరికొచ్చేసరికి పచ్చగా ఉండడం అందం కూడా. "పచ్చని పసిమి ఛాయ" అని మురిసిపోతాం. మీ అత్తగారు అబద్ధం చెప్పలేదు, ఆవిడ కంటికి అది ఛాయలాగే కనిపించింది. దీనికి తోడు నలుగు పెట్టే సున్నిపిండిలో పసుపు కలుపుతారు. నాలుగు రోజుల పాప మెడ మడతల్లో పసుపు ఇంకిపోయి ఉంటే, "అది నలుగు పసుపే" అని కామెర్లను తోసిపుచ్చినవాళ్ళను చూశాను, నలుగు పసుపు చూసి కామెర్లని పరుగెత్తుకొచ్చినవాళ్ళనూ చూశాను.

నా పొరపాటు కూడా చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో సాయంత్రం రౌండ్లలో మూడో రోజు బాబును ట్యూబ్‌లైటు వెలుగులో చూశాను. నుదురు మీద వేలితో నొక్కి వదిలితే లేత పసుపు కనిపించింది. "తొమ్మిది పది ఉంటుందేమో, రేపు చూద్దాం" అన్నాను. పక్కనున్న నర్సు "ఎందుకో పాలు సరిగ్గా తాగట్లేదు మేడం, పంపిద్దాం" అని పట్టుబట్టింది. రక్తం పంపాం. 16 వచ్చింది. ఆ బాబు బాగా నల్లని ఛాయ, పైగా ఒళ్ళు ఎర్రగా ఉంది. నాకు కనిపించిన లేత పసుపు, అంత కిందనుంచి బయటికి రాగలిగినంత మాత్రమే. ఆ రోజు నుంచి కంటితో చూసి అంకె చెప్పడం మానేశాను.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే మాట సూటిగా చెబుతాయి: పాపను బట్టలు విప్పి, మంచి వెలుతురులో, వీలైతే పగటి వెలుతురులో చూడండి, కానీ చూసి బిలిరుబిన్ ఎంతో అంచనా వేయకండి, కొలవండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో ఇంకో అడుగు ముందుకు వేసింది. పచ్చగా కనిపించినా కనిపించకపోయినా, పుట్టిన 24 నుంచి 48 గంటల మధ్య, అంతకంటే ముందే ఇంటికి పంపుతుంటే పంపేముందు, ప్రతి బిడ్డకూ ఒకసారి కొలవమంది.

ఇక కొలిస్తే వచ్చిన 17.2 సంగతి. "పదిహేడు అంటే ఎక్కువా?" అని మీరు ఫోన్లో అడిగారు. పదిహేడుకు ఒంటరిగా అర్థం లేదు. బిడ్డ పుట్టి ఎన్ని గంటలైంది, ఎన్ని వారాలకు పుట్టింది అన్న రెండిటి పక్కన పెడితేనే దానికి అర్థం వస్తుంది. పుట్టిన పిల్లల ఎర్రకణాలు పెద్దవాళ్ళ కణాలకంటే త్వరగా చితికిపోతాయి, బిలిరుబిన్‌ను మార్చి బయటికి పంపే శక్తి వాళ్ళ కాలేయానికి ఇంకా పూర్తిగా రాదు. అందుకే నెలలు నిండిన పిల్లల్లో మూడు నుంచి ఐదో రోజు దాకా అంకె పైకి పోయి, తర్వాత దిగుతుంది. రెండో రోజున 14, ఐదో రోజున 14 ఒకటి కాదు. మొదటిది ఇంకా ఎక్కుతోంది, రెండోది చాలావరకు శిఖరం చేరుకుంది.

మీ పాప పుట్టి శుక్రవారం సాయంత్రం నాలుగుకు సరిగ్గా 90 గంటలు. నైస్ పట్టిక ప్రకారం 37 వారాల బిడ్డకు మూడు రోజులు దాటాక లైట్లు మొదలుపెట్టే గీత 15.8 దగ్గర ఉంటుంది. మీ పాప 17.2, అంటే గీత పైన. అదే 38 వారాలు నిండి పుట్టిన పాపకైతే 90 గంటలప్పుడు గీత దాదాపు 19.7. ఆ పాపకు ఇదే 17.2 వస్తే ఆ పట్టిక ప్రకారం లైట్లు అక్కర్లేదు, మళ్ళీ కొలిచి చూస్తూ ఉంటే సరిపోయేది. ఒక్క వారం తేడాకు గీత అంత మారుతుంది. ఆసుపత్రిని బట్టి వాడే పట్టిక వేరు కావచ్చు, అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి, కానీ గంటలూ వారాలూ చూడని పట్టిక లేదు. మీరు పంపిన ఫోటోలో ఈ రెండూ కనిపించవు. మీ మెయిల్‌లో "37 వారాలు, సోమవారం రాత్రి పది" అని రాశారు చూడండి, నేను భయపడింది ఆ ముక్క చూసి. ఫోటోలు చూసి కాదు.

దానికితోడు మీ ఆవిడది ఓ గ్రూపు, పరీక్షిస్తే పాపది ఏ అని తేలింది. తల్లి ఓ గ్రూపై బిడ్డ ఏ గానీ బీ గానీ అయితే, తల్లి రక్తంలోని యాంటీబాడీలు బిడ్డ ఎర్రకణాలను చితక్కొట్టే అవకాశం ఉంది, అంకె వేగంగా ఎక్కుతుంది. అందరిలోనూ అలా జరగదు. కానీ బుధవారం ఇంటికి పంపేముందు బిడ్డ గ్రూపు చూసి, ఒకసారి బిలిరుబిన్ కొలిచి, శుక్రవారం తీసుకురమ్మని చెప్పి ఉండాల్సింది. మామూలు కాన్పయితే రెండో రోజే పంపేస్తున్నారు, అంకె శిఖరానికి చేరేది ఇంటికెళ్ళాకే. ఆ రెండు మూడు రోజులు బిడ్డను చూసేది బల్బు వెలుగూ, బంధువుల కళ్ళూ, ఫోన్ కెమెరా మాత్రమే.

కొలవడం అంటే ప్రతిసారీ సూది గుచ్చాలా అని మీ ఆవిడ అడిగింది. చాలా ఆసుపత్రుల్లో నుదుటి మీదో ఛాతీ ఎముక మీదో ఆనించి కొలిచే చిన్న మీటర్ ఉంటుంది. అది తన సొంత కాంతిని చర్మంలోకి పంపి తిరిగొచ్చినదాన్ని చదువుతుంది, కాబట్టి గదిలో బల్బు ఏ రంగుదైనా పట్టించుకోదు. కంటికంటే చాలా నయం. అయినా రక్తపరీక్షకూ దానికీ రెండు మూడు మిల్లీగ్రాముల తేడా రావచ్చు. అందుకే మీటర్ అంకె గీతకు మూడు లోపు దగ్గరగా వచ్చినా, గీత దాటినా, లేదా 15 చేరినా మడమ దగ్గర గుచ్చి రక్తం తీయాల్సిందే. రంగుల కార్డు బిడ్డ ఛాతీ మీద పెట్టి ఫోటో తీసే యాప్‌లు కూడా వచ్చాయి. కార్డు మీది రంగులు ముందే తెలిసినవి కాబట్టి వెలుతురు చేసిన మోసాన్ని యాప్ లెక్కకట్టగలదు. మీరు పంపిన మామూలు ఫోటోలో లేనిది ఆ కార్డే. కానీ అవి కూడా ఎవరికి రక్తం తీయాలో ఏరడానికే, రక్తపరీక్షకు బదులు కాదు.

మిమ్మల్ని రెండోసారి మోసం చేసిన ఫోటో ఆసుపత్రి నుంచి వచ్చింది. శనివారం పొద్దున మీ బావమరిది లైట్ల కింద పాప ఫోటో పంపి, "ఒళ్ళు తెల్లబడింది, డిశ్చార్జి అడుగుదామా" అన్నాడు. అప్పటికి అంకె 14.1. నీలి కాంతి ముందు చర్మంలోని బిలిరుబిన్‌నే మార్చేస్తుంది, అందుకే కాంతి తగిలినచోట చర్మం త్వరగా తేటపడుతుంది. డైపర్ కింద, కళ్ళకు కట్టిన గుడ్డ కింద మాత్రం పచ్చగానే ఉంటుంది. రక్తంలో ఉన్నది ఇంకా దిగుతూ ఉంటుంది. లైట్ల కింద ఉన్న బిడ్డ విషయంలో కన్నూ పనికిరాదు, నుదుటి మీటరూ పనికిరాదు, రక్తమే చూడాలి. మీ పాపకు మొదలుపెట్టిన ఆరు గంటలకు 16.4, శనివారం పొద్దున 14.1, రాత్రికి 12.2. గీతకు మూడు కిందికి, అంటే 12.8 కిందికి దిగాకే లైట్లు ఆపారు. ఆపిన తర్వాత పదిహేను గంటలకు మళ్ళీ చూస్తే 12.5. ఆపాక కొంచెం పైకి రావడం మామూలే, మళ్ళీ గీత వైపు ఎక్కకుండా ఉందా అన్నదే చూస్తారు. అందుకే ఆదివారం మధ్యాహ్నం దాకా పాపను ఆసుపత్రిలోనే ఉంచారు.

ఎండ గురించి మీ అత్తగారితో గొడవ పడకండి, కానీ దాన్ని వైద్యంగా నమ్మకండి. ఎండలో నీలి కాంతి ఉన్న మాట నిజమే. ఎంతసేపు, ఎంత ఒంటి మీద, ఎంత బలంగా పడిందో ఎవరూ కొలవలేరు. బట్టలు విప్పి పడుకోబెడితే నాలుగు రోజుల బిడ్డ చల్లబడొచ్చు, ఎండెక్కితే ఒళ్ళు కాలొచ్చు. అన్నిటికంటే నష్టం ఏమిటంటే, "ఎండ చూపిస్తున్నాం కదా" అని రెండు రోజులు గడిచిపోతాయి. ఆకు పసరు పోయడం, వాతలు పెట్టడం గురించి మీరు అడగలేదు, మీ ఇంట్లో ఎవరూ అననూ లేదు. ఎవరైనా అంటే మాత్రం అక్కడే ఆపండి.

పాత చీరలు, పంచెలు పొత్తిగుడ్డలుగా వాడుతున్నారు కదా, పెట్టెలోంచి తీసినవాటిలో కలరా ఉండల వాసన ఉందేమో చూడమనండి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న పిల్లల్లో ఆ ఉండల ఆవిరి ఎర్రకణాలను చితకగొట్టి కామెర్లను ఒక్కసారిగా పెంచగలదు. ఎవరికి తక్కువుందో పుట్టగానే తెలియదు కాబట్టి ఆ గుడ్డలు ఏ పసిబిడ్డకూ వద్దు.

ఇక ఇంట్లో కంటితో చూడాల్సింది రంగు ఒక్కటే కాదు. పాలకు లేవకుండా మగతగా పడి ఉండటం, చప్పరించే బలం తగ్గడం, ఒళ్ళు జారిపోయినట్టు మెత్తబడటం లేదా వెనక్కి విల్లులా వంగడం, ఏడుపు సన్నగా కీచుగా మారడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పుట్టిన మొదటి 24 గంటల్లో ఏ కాస్త పచ్చదనం కనిపించినా అంతే, అది మామూలు కామెర్లు కావు. 37 వారాల పిల్లలు నిద్రమత్తులో పాలు వదిలేస్తుంటారు, కాబట్టి రెండు మూడు గంటలకోసారి లేపి పట్టమనండి. పాలు లోపలికి వెళ్ళి మలం బయటికొస్తేనే బిలిరుబిన్ కూడా బయటికి పోతుంది.

పాపకు రెండు వారాలు నిండాక కూడా పచ్చగా అనిపిస్తే మళ్ళీ తీసుకెళ్ళండి. అప్పుడు బిలిరుబిన్ మొత్తం ఎంతో కాక, అందులో డైరెక్ట్ అనే భాగం ఎంతో చూస్తారు. పైత్యనాళాలు మూసుకుపోయిన పిల్లల్ని అప్పుడే పట్టుకోగలం, ఆపరేషన్ రెండు నెలల లోపు జరిగితే ఫలితం బాగుంటుంది. ఆ జబ్బులో మలం సుద్దలా తెల్లగా పాలిపోతుంది, మూత్రం గుడ్డకు పసుపు మరక పడేంత ముదురుగా వస్తుంది. అలా అనుమానం వస్తే ఫోటో తీసి పంపకండి. ఆ మలం అంటిన గుడ్డనే మడిచి, కవర్లో పెట్టి, పాపతో పాటు తీసుకెళ్ళమనండి.